అద్దె అగ్రిమెంట్ మీ పేరున లేదా? కొత్త ఊళ్లో ఆధార్ అడ్రస్ మార్చుకోవడం గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

ఉద్యోగం కోసమో చదువు కోసమో పెళ్లయ్యాకో ఊరు మారతాం. ఇల్లు దొరుకుతుంది కానీ అగ్రిమెంట్ రూమ్మేట్ పేరునో, భర్త పేరునో, అన్నయ్య పేరునో ఉంటుంది. కరెంటు బిల్లు ఎలాగూ ఓనర్ పేరునే వస్తుంది. ఆ ఇంట్లో ఉంటున్నది మనమే అయినా, ఆ మాట చెప్పే కాగితం ఒక్కటీ మన పేరున ఉండదు. కింద ఎక్కువగా ఆధార్ గురించే రాశాను, ఎందుకంటే అది మారితే మిగతావి చాలావరకు దాని వెనకే మారతాయి.

అగ్రిమెంట్ రూమ్మేట్ పేరు మీద ఉంది. దాన్నే అప్‌లోడ్ చేస్తే ఒప్పుకుంటారా?

ఒప్పుకోరు. అడ్రస్ ప్రూఫ్‌గా పెట్టే కాగితం మీద ఎవరి ఆధార్ మారుస్తున్నామో వాళ్ల పేరు ఉండాలి, అడ్రస్ పూర్తిగా ఉండాలి. రూమ్మేట్ అగ్రిమెంట్‌తో పాటు అతని ఆధార్ కాపీ, "ఇతను నాతోనే ఉంటున్నాడు" అని అతను రాసిచ్చిన లెటర్ జతచేసినా లాభం లేదు. పరిశీలించేవాళ్లు చూసేది ఒకటే, ఈ కాగితం మీద దరఖాస్తుదారు పేరు ఉందా లేదా. ఫీజు పోతుంది, రోజులు పోతాయి, అంతే.

అందుకని "అగ్రిమెంట్ ఎలా సంపాదించాలి" అన్నదాని కంటే "ఈ అడ్రస్‌తో నా పేరున ఏ కాగితం ముందుగా పుట్టించగలను" అని ఆలోచిస్తే దారి తొందరగా దొరుకుతుంది. పుట్టించడం అంటే నిజంగా తెచ్చుకోవడం, దొంగ కాగితం కాదు. దొంగ కాగితాల సంగతి తర్వాత చెబుతాను.

ఉన్న అగ్రిమెంట్‌లోనే నా పేరు చేర్పించుకోవచ్చా?

ఓనర్ ఒప్పుకుంటే అన్నిటికంటే శుభ్రమైన పని ఇదే. పాత అగ్రిమెంట్ మీద పెన్నుతో పేరు రాయించుకోకండి, చెల్లదు. కొత్త స్టాంపు పేపరు మీద అద్దెదారులుగా ఇద్దరి పేర్లూ రాసి, ఓనరూ ఇద్దరు అద్దెదారులూ సంతకాలు పెట్టి, సాక్షుల సంతకాలతో మళ్లీ అగ్రిమెంట్ చేసుకోవాలి. ఎలాగూ మన దగ్గర చాలామంది 11 నెలలకే రాసుకుంటారు, కాబట్టి రెన్యూవల్ దగ్గర పడితే అప్పుడే రెండో పేరు పెట్టించేయండి. విడిగా అడగక్కర్లేదు, ఓనర్‌కి కూడా అదనపు పని ఉండదు.

ఒక జాగ్రత్త. కొందరు రాసేవాళ్లు మీ పేరుని "అద్దెదారుతో పాటు నివసించేవారు" అని ఎక్కడో నాలుగో పేజీలో ఒక లైనులో పెడతారు. అలా కాకుండా మొదటి పేజీలోనే, రెండో అద్దెదారుగా, ఆధార్‌లో ఉన్నట్టే పూర్తి పేరు రాయించుకోండి.

ఓనర్ భయపడుతున్నారు. మా అడ్రస్ ఆధార్‌లో పడితే ఇంటి మీద హక్కు వస్తుందేమో అంటున్నారు.

ఈ భయం చాలామంది ఓనర్లకి ఉంది, పాపం వాళ్లని తప్పుపట్టలేం. కానీ ఆధార్‌లో అడ్రస్ ఉన్నంత మాత్రాన ఇంటి మీద ఏ హక్కూ రాదు. ఆధార్ చట్టంలోనే అది పౌరసత్వానికి గానీ, స్థిరనివాసానికి గానీ రుజువు కాదని రాసి ఉంది, ఇక ఆస్తికి ఎక్కడ అవుతుంది? ఇంకో సంగతి, ఆధార్ అడ్రస్ మార్చుకోవడానికి ఓనర్ అనుమతి అనే మెట్టే లేదు. కింద చెప్పే దారుల్లో ఎక్కడా ఓనర్ సంతకం అక్కర్లేదు. ఆయన ససేమిరా అంటే గొడవ పెట్టుకోకుండా వేరే దారిన వెళ్లండి.

అగ్రిమెంట్ మా ఆయన పేరున ఉంది. నాకు ఎలా?

మీకు సులువైన దారి ఉంది. దాన్ని కుటుంబ పెద్ద ద్వారా అడ్రస్ మార్పు అంటారు, 2023 జనవరి నుంచి ఆన్‌లైన్‌లో ఉంది. మీ పేరున అడ్రస్ ప్రూఫ్ ఏదీ లేకపోయినా, దగ్గరి బంధువు ఆధార్‌లో ఉన్న అడ్రస్‌ని మీ ఆధార్‌కి తెచ్చుకోవచ్చు. ఇక్కడ కుటుంబ పెద్ద అంటే ఇంట్లో వయసులో పెద్దవాళ్లు అని కాదు, 18 నిండిన ఎవరైనా కావచ్చు. భర్తకి భార్య, తల్లికి కొడుకు కూడా కుటుంబ పెద్దగా ఉండొచ్చు.

వరస ఇలా ఉంటుంది. ముందు మీ ఆయన తన అగ్రిమెంట్‌తో తన ఆధార్ మార్చుకోవాలి. ఈ మెట్టు చాలామంది దాటేస్తారు. ఆయన ఆధార్‌లో ఇంకా పాత ఊరే ఉంటే మీకు వచ్చేది కూడా ఆ పాత ఊరి అడ్రసే. ఆయనది మారి, కొత్త ఈ-ఆధార్ డౌన్‌లోడ్ చేసి చూసుకున్నాక, మీరు myaadhaar.uidai.gov.in లో మీ నంబరుతో, ఓటీపీతో లాగిన్ అయి, అడ్రస్ మార్పులో కుటుంబ పెద్ద ఆధారంగా అనే ఎంపిక తీసుకోండి. ఆయన ఆధార్ నంబరు కొట్టండి. ఇద్దరి పేర్లూ, బంధుత్వం కనిపించే కాగితం ఒకటి పెట్టాలి. పెళ్లి సర్టిఫికెట్, రేషన్ కార్డు, పాస్‌పోర్ట్ లాంటివి పనికొస్తాయి. అవేవీ లేకపోతే కుటుంబ పెద్ద ఇచ్చే స్వయం ప్రకటనకి ఒక నిర్ణీత నమూనా ఉంది, అది నింపి సంతకం పెట్టించి పెట్టొచ్చు. ఫీజు 75 రూపాయలు (2025 అక్టోబరు 1కి ముందు 50 ఉండేది).

అక్కడితో సగం పనే అయింది. మీకు ఒక సర్వీస్ రిక్వెస్ట్ నంబరు వస్తుంది, ఆయన ఫోన్‌కి మెసేజ్ వెళ్తుంది. ఆయన తన ఆధార్‌తో అదే సైట్‌లో లాగిన్ అయి My Head of Family Requests అనే చోట మీ దరఖాస్తుని ఒప్పుకోవాలి. దీనికి గడువు 30 రోజులు. ఈలోపు ఒప్పుకోకపోతే దరఖాస్తు మూసేస్తారు, ఫీజు తిరిగి రాదు. అందుకని ఇద్దరూ ఒకేచోట కూర్చుని, మీరు పెట్టిన పది నిమిషాల్లో ఆయన చేత ఒప్పించేయండి. "రేపు చూస్తాలే" అన్న దగ్గరే ఎక్కువ దరఖాస్తులు చచ్చిపోతున్నాయి.

ఈ దారిలో అడ్రస్‌లో చిన్న మార్పు చేసుకోవచ్చా? ఆయన ఆధార్‌లో ఫ్లాట్ నంబరు తప్పు పడింది.

కుదరదు. ఆయనది ఎలా ఉంటే అలాగే మీకు వస్తుంది, తప్పుతో సహా. ముందు ఆయనది సరిచేయించి తర్వాత మీది పెట్టండి. పిల్లలవి కూడా ఇలాగే మార్చే ఆలోచన ఉంటే మొదటి ఆధార్ దగ్గరే ఒకటికి రెండుసార్లు చూసుకోవడం చాలా అవసరం.

మరి రూమ్మేట్‌ని కుటుంబ పెద్దగా పెట్టొచ్చా? ఎవరికి తెలుస్తుంది?

వద్దు. ఈ సదుపాయం బంధువులకి మాత్రమే. రూమ్మేట్‌ని అన్న అనో తమ్ముడు అనో ప్రకటన రాయిస్తే అది ఇద్దరూ కలిసి ఇచ్చిన అబద్ధపు ప్రకటన అవుతుంది, రేపు ఏదైనా తేడా వస్తే ఇద్దరి మెడకీ చుట్టుకుంటుంది. అన్నయ్యో, అక్కో నిజంగా ఆ ఊళ్లో ఉన్నా, మీరు వాళ్లింట్లో ఉండకుండా వాళ్ల అడ్రస్ తెచ్చుకోవడం కూడా నాకు నచ్చదు. పోస్టులో వచ్చే బ్యాంకు కార్డులు, నోటీసులు అన్నీ అక్కడికే పోతాయి.

బంధువులెవరూ లేరు, షేరింగ్ ఫ్లాట్, అగ్రిమెంట్ ఇంకొకరిది. నా పేరున కాగితం ఎక్కడి నుంచి వస్తుంది?

ఒక ఉదాహరణ తీసుకుందాం. రాజమండ్రి నుంచి ఒక అమ్మాయి హైదరాబాద్ వచ్చి కూకట్‌పల్లిలో మరో ముగ్గురితో ఫ్లాట్‌లో ఉంటోంది. అగ్రిమెంట్ ఒక రూమ్మేట్‌ది, కరెంటు బిల్లు ఓనర్‌ది, గ్యాస్ ఇంకో రూమ్మేట్‌ది. ఇంట్లో వైఫై ఇంకా పెట్టించుకోలేదు. నన్నడిగితే ఆ వైఫై కనెక్షన్ ఆమె తన పేరున తీసుకోవాలి.

ఎందుకంటే ఆధార్ ఒప్పుకునే అడ్రస్ ప్రూఫ్‌లలో బ్రాడ్‌బ్యాండ్ బిల్లు, ల్యాండ్‌లైన్ బిల్లు, పోస్ట్‌పెయిడ్ మొబైల్ బిల్లు ఉన్నాయి, మూడు నెలలకి మించి పాతవి కాకూడదు. కరెంటు మీటరు మన పేరున మార్చమని ఓనర్‌ని అడగలేం, కానీ నెట్ కనెక్షన్ ఎవరి పేరున కావాలంటే వాళ్ల పేరున ఇస్తారు. డబ్బు నలుగురూ పంచుకున్నా బిల్లు ఆమె పేరున వస్తుంది.

అయితే బిల్లు రాగానే అప్‌లోడ్ చేసేయకూడదు. మొదట పేరు. ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉండి బిల్లులో "లక్ష్మి కె" అని పడితే తిప్పి కొట్టే అవకాశం ఉంది. మన తెలుగువాళ్లకి ఇది నిత్యం ఉండే తలనొప్పి. ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనక, ఇంకోచోట ఒక్క అక్షరం. కనెక్షన్ తీసుకునేటప్పుడే ఆధార్‌లో ఉన్న స్పెల్లింగు, ఉన్న వరసలో ఇవ్వాలి. తర్వాత అడ్రస్. కొన్ని బిల్లుల మీద రెండు అడ్రస్‌లు ఉంటాయి, కనెక్షన్ పెట్టిన చోటు ఒకటి, బిల్లు పంపే చోటు ఇంకొకటి. ఐడీగా ఇచ్చిన ఆధార్ నుంచి రాజమండ్రి అడ్రస్ ఎక్కించేసి ఉంటే బిల్లు పంపే అడ్రస్‌గా అదే పడుతుంది. కస్టమర్ కేర్‌కి చెప్పి రెండూ కొత్త అడ్రస్‌కి మార్పించి, ఆ తర్వాతి నెల బిల్లు వాడుకోవాలి. మూడోది, అది పోస్ట్‌పెయిడ్ బిల్లేనా అన్నది. ముందే ఆరు నెలల డబ్బు కట్టే ప్రీపెయిడ్ ప్లాన్‌లకి వచ్చే రసీదుని నమ్ముకోవద్దు.

ఇవన్నీ సరిగ్గా ఉంటే, బిల్లు రంగుల్లో స్కాన్ చేసి లేదా కంపెనీ పంపిన పీడీఎఫ్‌నే తీసుకుని, ఫైలు 2 ఎంబీ దాటకుండా చూసుకుని పెట్టడమే.

నాకు బిల్లులేవీ కుదరవు. బ్యాంకు పాస్‌బుక్ పనికొస్తుందా?

వస్తుంది, కానీ మామూలు పాస్‌బుక్ కాదు. దాని మీద మీ ఫొటో, కొత్త అడ్రస్, బ్యాంకు అధికారి సంతకం, ముద్ర ఉండాలి. స్టేట్‌మెంట్ అయితే సంతకం, ముద్రతో పాటు మూడు నెలల లోపుది అయి ఉండాలి. ఇంట్లో ప్రింట్ తీసుకున్నది చాలదు.

"బ్యాంకులో అడ్రస్ మార్చమంటే ముందు ఆధార్ మార్చుకుని రమ్మంటున్నారు, ఆధార్‌కి బ్యాంకు కాగితం కావాలి" అని చాలామంది ఇక్కడ చిక్కుకుపోతారు. రిజర్వు బ్యాంకు కేవైసీ నిబంధనల ప్రకారం ఇలా చిక్కుకోనక్కర్లేదు. కేవైసీ అప్‌డేట్‌లో అడ్రస్ ఒక్కటే మారితే కస్టమర్ స్వయంగా రాసిచ్చే ప్రకటన తీసుకోవాలి, ఆ తర్వాత రెండు నెలల్లోపు బ్యాంకే ఆ అడ్రస్‌కి ఉత్తరం పంపో, మనిషిని పంపో నిర్ధారించుకోవాలి. అలాగే, ఆధార్‌తో ఖాతా తెరిచినవాళ్లు ఇప్పుడుంటున్న అడ్రస్ వేరే అయితే దానికీ స్వయం ప్రకటన ఇవ్వొచ్చు.

కౌంటర్‌లో ఉన్నవాళ్లకి ఇది తెలియకపోవచ్చు, లేదా ఆ బ్రాంచిలో అలవాటు లేకపోవచ్చు. వాదన పెట్టుకోకుండా మేనేజర్‌ని కలిసి "ప్రస్తుత చిరునామా మార్పుకి స్వయం ప్రకటన ఇస్తాను, కేవైసీ నిబంధనల్లో ఉంది" అని మర్యాదగా చెప్పండి. కాదంటే అదే మాట బ్యాంకుకి రిజిస్టర్డ్ ఈమెయిల్ నుంచి రాయండి, కారణం రాతలో ఇవ్వమనండి. రాతలో అనేసరికి చాలా పనులు కదులుతాయి. ఉత్తరం వచ్చే రోజుల్లో వాచ్‌మన్‌కి మీ పేరు, ఫ్లాట్ నంబరు చెప్పి ఉంచండి, అగ్రిమెంట్‌లో పేరు లేనివాళ్లకి వచ్చిన కవరుని "ఇక్కడ ఆ పేరుగలవాళ్లు లేరు" అని వెనక్కి పంపేస్తుంటారు.

హాస్టల్‌లో ఉంటున్నాను. హాస్టల్ ఓనర్ లెటర్ ఇస్తారట, చాలా?

చాలదు, ఆమోదించిన కాగితాల్లో అది లేదు. హాస్టల్ వాళ్లకి, పీజీ వాళ్లకి మిగిలే గట్టి దారి ఆధార్ సంస్థ ఇచ్చిన సర్టిఫికెట్ నమూనా. దాన్ని సైట్ నుంచి దించుకుని, మీ వివరాలు నింపి, ఫొటో అంటించి, గెజిటెడ్ అధికారి, తహసీల్దార్, ఎమ్మెల్యే లాంటివాళ్లలో ఒకరి చేత సంతకం, ముద్ర వేయించుకోవాలి. సంతకం ఫొటో మీదికి కూడా రావాలి. కొట్టివేతలు, వైట్‌నర్ ఉండకూడదు. సంతకం చేసిన తేదీ నుంచి మూడు నెలలే చెల్లుతుంది. చదువుకునేవాళ్లకైతే గుర్తింపు పొందిన విద్యాసంస్థ అధిపతి కూడా ఇదే నమూనాలో ఇవ్వొచ్చు, కాబట్టి ముందు కాలేజీ ఆఫీసులో అడగండి. ఈ కాగితం ఉన్నవాళ్లు ఆన్‌లైన్ కంటే ఒరిజినల్ పట్టుకుని ఆధార్ కేంద్రానికి వెళ్లడం నయం, లోపం ఉంటే అక్కడికక్కడే చెబుతారు.

ఓటరు కార్డు ముందు మార్చుకుంటే ఆధార్‌కి పనికొస్తుందా?

పనికొస్తుంది. ఓటరు కార్డు విషయంలో నియమాలు మనలాంటివాళ్లకి కాస్త దయగా ఉన్నాయి. ఇల్లు మారినప్పుడు voters.eci.gov.in లో ఫారం 8 నింపాలి. అడ్రస్ రుజువుగా మీ పేరున ఉన్నదే కాక, అదే అడ్రస్‌లో ఓటరుగా ఉన్న తల్లి, తండ్రి, భర్త లేదా భార్య, పెద్దైన బిడ్డ పేరున ఉన్న కాగితం కూడా పెట్టొచ్చు. ఏ కాగితమూ లేకపోతే బూత్ స్థాయి అధికారి ఇంటికి వచ్చి చూసి వెళ్లాలని ఫారంలోనే రాసి ఉంది. ఆ రోజు మీరు ఆఫీసులో ఉంటే ఇంట్లోవాళ్లకి చెప్పి ఉంచండి, అధికారి ఫోన్ నంబరు దొరికితే మీరే మాట్లాడి సమయం పెట్టుకోండి.

కానీ ఇది ఆధార్ కోసం వాడుకునే మెట్టు కాదు. మీ ఓటు నిజంగానే ఇక్కడికి వచ్చేస్తుంది, సొంతూళ్లో ఉండదు. పంచాయతీ ఎన్నికలకి ఊరెళ్లి ఓటేయాలనుకునేవాళ్లు ముందే ఆలోచించుకోండి. రెండు చోట్లా ఉంచుకోవడం చట్టవిరుద్ధం, తప్పుడు ప్రకటనకి ఏడాది వరకు జైలు శిక్ష ఉంది.

దరఖాస్తు నింపేటప్పుడు ఎక్కడ పొరపాటు జరుగుతుంది?

పిన్‌కోడ్ దగ్గర. పిన్ కొట్టగానే రాష్ట్రం, జిల్లా వచ్చేస్తాయి, తర్వాత ఊరు, పోస్టాఫీసు జాబితా నుంచి ఎంచుకోవాలి. కూకట్‌పల్లి 2016లో జిల్లాలు మారినప్పటి నుంచి మేడ్చల్–మల్కాజ్‌గిరి జిల్లాలో ఉంది, పాత కాగితాల మీద ఇంకా రంగారెడ్డి అనే కనిపిస్తుంది, కొత్తగా వచ్చినవాళ్లేమో హైదరాబాద్ జిల్లా అనుకుంటారు. జాబితాలో వచ్చింది తీసుకుని, ఇంటి నంబరు, అపార్ట్‌మెంట్ పేరు, వీధి మాత్రం మీ ప్రూఫ్‌లో ఉన్నట్టే కొట్టండి. ప్రూఫ్‌లో ఫ్లాట్ నంబరు లేకపోతే మీరు సొంతంగా చేర్చొద్దు.

తెలుగులో పడే అడ్రస్ కూడా ఒకసారి చదవండి, ఇంగ్లిష్ నుంచి దానంతటదే మారుతుంది కాబట్టి వీధి పేర్లు వింతగా పడుతుంటాయి. అక్కడే దిద్దుకోవచ్చు.

తిరస్కరించారు. ఇప్పుడేం చేయాలి?

కారణం చూడకుండా అదే కాగితంతో మళ్లీ పెట్టొద్దు, మళ్లీ 75 రూపాయలు పోతాయి. లాగిన్ అయితే స్థితి, కారణం కనిపిస్తాయి. అర్థం కాకపోతే 1947కి ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడతారు. పేరు తేడా అయితే కాగితం మీద పేరు మార్పించుకోవాలి. కాగితం చెల్లదంటే ఇంకో దారికి వెళ్లాలి. స్కాన్ మసకగా ఉందంటే మాత్రం అదే కాగితం చాలు.

ఆధార్‌కి ఉన్న ఫోన్ నంబరు పోయింది. ఓటీపీ రావట్లేదు.

ఆన్‌లైన్ దారి మూసుకుపోయినట్టే, కేంద్రానికి వెళ్లి వేలిముద్రతో నంబరు మార్పించుకోవాలి. అడ్రస్ ప్రూఫ్ చేతిలో ఉంటే ఆ పనీ అక్కడే పెట్టేయండి. కుటుంబ పెద్ద దారిలో వెళ్లేవాళ్లు మాత్రం ఆయన్ని కూడా వెంటబెట్టుకుని వెళ్లాలి, ఆయన వేలిముద్ర కూడా పడాలి.

జిరాక్స్ షాపులో నా పేరున అగ్రిమెంట్ తయారుచేసిస్తామంటున్నారు. ఓనర్ సంతకం వాళ్లే పెడతారట.

అది ఫోర్జరీ. ఆధార్‌లో మారిపోయినా ప్రమాదం పోదు, ఎందుకంటే మీరు పెట్టిన కాగితం మీ రికార్డులో ఉండిపోతుంది. పాస్‌పోర్ట్ పోలీసు వెరిఫికేషన్‌కి వచ్చినవాళ్లు ఓనర్‌ని అడిగితే "ఆ పేరున నేను అగ్రిమెంటే ఇవ్వలేదు" అంటారు. అప్పుడు సమాధానం చెప్పుకోవాల్సింది షాపువాడు కాదు.

అసలు వెంటనే మార్చాల్సిందేనా?

ఆరు నెలల ప్రాజెక్టు మీద వచ్చి వెళ్లిపోయేవాళ్లైతే నేనైతే ఆధార్ ముట్టుకోను. బ్యాంకులో ప్రస్తుత అడ్రస్ స్వయం ప్రకటనతో మార్పించుకుంటే కార్డులు, చెక్కుబుక్కులు ఇక్కడికే వస్తాయి, శాశ్వత అడ్రస్ ఊళ్లోదే ఉంటుంది. రెండు మూడేళ్లు ఉంటామని తెలిస్తే మార్చేయడమే మంచిది.

ఆధార్ మారింది. తర్వాత ఏవి మార్చాలి?

దరఖాస్తు నుంచి సాధారణంగా 30 రోజుల్లో తేలిపోతుంది. ముందు కొత్త ఈ-ఆధార్ దించుకోండి. పాన్ కార్డు మీద అడ్రస్ ఉండదు కానీ రికార్డులో ఉంటుంది, ఆధార్ ఈ-కేవైసీతో ఆన్‌లైన్‌లోనే మార్చుకోవచ్చు. డ్రైవింగ్ లైసెన్స్‌కి పరివాహన్ సైట్‌లో ఆధార్ సరిపోతుంది.

బండి ఉంటే మాత్రం ఆలస్యం చేయొద్దు. మోటారు వాహనాల చట్టం ప్రకారం ఇల్లు మారిన 30 రోజుల్లోపు ఆర్‌సీలో అడ్రస్ మార్పు కోసం తెలపాలి, అంటే అగ్రిమెంట్ లేక ఆధార్ ఆగిపోయినవాళ్లకి ఇక్కడ గడువు దాటిపోతుంది. రాష్ట్రం కూడా మారి, బండి 12 నెలలు దాటి ఇక్కడే ఉంటే పాత రాష్ట్రం నుంచి ఎన్ఓసీ తెచ్చుకుని ఇక్కడి నంబరు వేయించుకోవాలి. రాజమండ్రి బండితో కూకట్‌పల్లి వచ్చిన ఆ అమ్మాయి వైఫై బిల్లు చేతికి రాగానే ఆధార్ పని మొదలుపెట్టి, ఈలోపే ఊళ్లో ఉన్నవాళ్ల చేత ఎన్ఓసీ కాగితాలు సిద్ధం చేయించుకుంటే రెండు పనులూ ఒకదాని కోసం ఒకటి ఆగకుండా అయిపోతాయి.